అపార్ట్‌మెంట్ సొసైటీకి ఏ లెక్క సరిపోతుంది: వసూళ్లు-చెల్లింపుల ఖాతానా, ఆదాయ-వ్యయాల ఖాతానా?

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే విశాఖలో చాలా అపార్ట్‌మెంట్లలో జనరల్ బాడీ మీటింగులు మొదలవుతాయి. సెల్లార్‌లో కుర్చీలు వేస్తారు, ట్రెజరర్ గారు లెక్కల కాగితం జిరాక్సులు పంచుతారు. ఎడమవైపు వచ్చిన డబ్బు, కుడివైపు పోయిన డబ్బు, అడుగున బ్యాంకులో మిగిలిన నిల్వ. ఆ నిల్వ చూసి కొందరు "బాగానే ఉందిగా, మెయింటెనెన్స్ పెంచడం దేనికి?" అంటారు, ఇంకొందరు "పోయినేడు కంటే తగ్గింది, డబ్బులేమైపోయాయి?" అని నిలదీస్తారు. ఆ రెండు ప్రశ్నలకీ ఆ కాగితంలో జవాబు ఉండదు. అది వసూళ్లు-చెల్లింపుల ఖాతా. ఏడాది పొడవునా రాసిన క్యాష్ బుక్కుని పద్దులవారీగా కుదిస్తే వచ్చేది అదే. డబ్బు ఏ సంవత్సరానికి చెందినదో, సొంతమో అప్పో దానికి పట్టదు. చేతికి వస్తే వసూలు, చేయి దాటితే చెల్లింపు.

ఆదాయ-వ్యయాల ఖాతా దారి వేరు. ఈ సంవత్సరానికి రావలసిన ఆదాయం ఎంత, ఈ సంవత్సరపు ఖర్చు ఎంత అని చూస్తుంది. డబ్బు వచ్చిందా, పోయిందా అన్నది దానికి తర్వాతి సంగతి. జనరేటర్ లాంటి కొనుగోళ్లని, ఖర్చు పెట్టకుండా నిల్వ ఉంచే కార్పస్ లాంటి నిధులని లోపలికి రానివ్వకుండా, ఆస్తులూ అప్పులూ చూపే బ్యాలెన్స్ షీటుకి పంపిస్తుంది. అడుగున నిల్వకి బదులు మిగులో, లోటో తేలుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసే ఏ సొసైటీ అయినా నిర్ణయాలు తీసుకోవాల్సింది ఆదాయ-వ్యయాల ఖాతా చూసే. అలాగని మొదటిదాన్ని పక్కన పెట్టేయకూడదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఎం.వి.పి. కాలనీలో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఉందనుకోండి. ఫ్లాటుకి నెలకి 2,500 మెయింటెనెన్స్. 2024 ఏప్రిల్ 1న బ్యాంకు, చేతి నగదు కలిపి 1,40,000 ఉన్నాయి. ఆ ఏడాదిలో 18 ఫ్లాట్ల వాళ్లు పూర్తిగా కట్టారు, ఇద్దరు ఏడాదంతా కట్టలేదు. అంతకుముందు సంవత్సరపు బకాయి 25,000 వసూలైంది. అమెరికాలో ఉంటున్న ముగ్గురు ఓనర్లు వచ్చే ఏడాది మొత్తం ముందే పంపేశారు, 90,000. సముద్రపు గాలికి గోడలు పెచ్చులూడుతున్నాయని, వచ్చే శీతాకాలంలో బయట పెయింటింగ్ వేయించడానికి ఫ్లాటుకి 10,000 చొప్పున 2,00,000 ప్రత్యేకంగా వసూలు చేశారు. పాత జనరేటర్ పనికి రాకుండా పోతే జూన్‌లో 2,40,000 పెట్టి కొత్తది కొన్నారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేకుండా గడిపిన రోజులు గుర్తున్నవాళ్లెవరూ దీనికి అడ్డుచెప్పరు. లిఫ్ట్ ఏఎంసీకి డిస్కౌంట్ వస్తుందని రెండేళ్లకీ ఒకేసారి 1,20,000 కట్టారు. పోయిన మార్చి నెల ట్యాంకర్ల బిల్లు 15,000 ఈ ఏప్రిల్‌లో ఇచ్చారు. ఈ మార్చి నెల కామన్ మీటర్ కరెంటు బిల్లు 10,000 ఇంకా కట్టలేదు.

ఇవే అంకెలు రెండు ఖాతాల్లో ఇలా కనిపిస్తాయి:

| పద్దు | వసూళ్లు-చెల్లింపుల ఖాతా | ఆదాయ-వ్యయాల ఖాతా |
|---|---|---|
| ప్రారంభ నిల్వ | 1,40,000 | రాదు |
| ఈ ఏడాది మెయింటెనెన్స్ | 5,40,000 | 6,00,000 |
| పాత బకాయి వసూలు | 25,000 | రాదు |
| వచ్చే ఏడాది అడ్వాన్సు | 90,000 | రాదు |
| పెయింటింగ్ నిధి | 2,00,000 | రాదు |
| బ్యాంకు వడ్డీ | 5,000 | 5,000 |
| వాచ్‌మన్, స్వీపర్ జీతాలు | 2,16,000 | 2,16,000 |
| కామన్ కరెంటు | 1,10,000 | 1,20,000 |
| లిఫ్ట్ ఏఎంసీ | 1,20,000 | 60,000 |
| నీళ్లు, ట్యాంకర్లు | 1,05,000 | 90,000 |
| రిపేర్లు, డీజిల్, ఇతరాలు | 1,14,000 | 1,14,000 |
| జనరేటర్ | 2,40,000 | తరుగుదల 36,000 |
| అడుగున తేలేది | ముగింపు నిల్వ 95,000 | లోటు 31,000 |

వాడకం వల్ల వస్తువు విలువలో ఏటా తగ్గే భాగమే తరుగుదల. జనరేటర్ మీద 15 శాతం వేశాం. మీ ఆడిటర్ వేరే రేటు ఎంచుకోవచ్చు, కానీ ఒకసారి ఎంచుకున్నాక ఏటా అదే పాటించాలి.

ముందు ఎడమ లెక్క ఒక్కటే చూడండి. నిల్వ 1,40,000 నుంచి 95,000కి తగ్గింది. అంటే 45,000 లోటనిపిస్తుంది, తప్పంతా జనరేటర్ మీదకి పోతుంది. "జనరేటర్ కొనకపోయుంటే దాదాపు రెండు లక్షలు మిగిలేవి" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట తప్పు. అడ్వాన్సుగా వచ్చిన 90,000, పెయింటింగ్ కోసం వచ్చిన 2,00,000 ఈ ఏడాది ఖర్చులకి వాడుకోదగ్గ డబ్బు కాదు, అవి పేరుకి మాత్రమే వసూళ్లు.

ఇప్పుడు కుడి లెక్క. జనరేటర్‌ని పక్కన పెట్టి తరుగుదల మాత్రమే వేసినా, ఇద్దరు ఎగ్గొట్టిన మెయింటెనెన్స్ కూడా వచ్చినట్టే లెక్కగట్టినా, ఇంకా 31,000 లోటే ఉంది. దాన్ని 20 ఫ్లాట్లకీ 12 నెలలకీ పంచితే నెలకి ఫ్లాటుకి సుమారు 130 రూపాయలు. అంటే 2,500 మెయింటెనెన్స్ సరిపోవడం లేదు, కనీసం 2,630 ఉండాలి. జనరల్ బాడీలో పెంపుకి ఒప్పించాలంటే చూపించాల్సిన అంకె ఇదే. బ్యాంకు నిల్వ చూపించి పెంపు అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో వాళ్ల తప్పు కూడా లేదు.

ఈ ఉదాహరణలో నాకు అసలు భయం కలిగించేది మరొకటుంది. బ్యాంకులో ఉన్నది 95,000. పెయింటింగ్ కోసం జనం నమ్మి ఇచ్చింది 2,00,000. ఆ నిధిలో సగానికి పైగా ఇప్పుడు లేదు, జనరేటర్‌లోకీ లిఫ్ట్ అడ్వాన్సులోకీ వెళ్లిపోయింది. ఎవరూ దొంగిలించలేదు, ఎవరికీ తెలియలేదు కూడా. వసూళ్లు-చెల్లింపుల ఖాతాలో రెండు లక్షలు మామూలు వసూలులా కలిసిపోయాయి. ఆదాయ-వ్యయాల ఖాతా దాన్ని ఆదాయంగా తీసుకోలేదు గానీ, ఆ డబ్బు ఎక్కడుందో అది కూడా చెప్పదు. చెప్పేది దానితోపాటు తప్పనిసరిగా ఉండాల్సిన బ్యాలెన్స్ షీటు.

మన అపార్ట్‌మెంట్ బ్యాలెన్స్ షీటు చిన్నదే. ఆస్తుల వైపు నగదు 95,000, రావలసిన బకాయిలు 60,000, ముందే కట్టిన లిఫ్ట్ ఏఎంసీ 60,000, జనరేటర్ 2,04,000, మొత్తం 4,19,000. అప్పుల వైపు అడ్వాన్సు 90,000, పెయింటింగ్ నిధి 2,00,000, కరెంటు బిల్లు 10,000, మిగతా 1,19,000 సొసైటీ సొంత నిధి. ఏడాది మొదట్లో సొంత నిధి ఎంత? నగదు 1,40,000కి పాత బకాయి 25,000 కలిపి, ట్యాంకర్ల బాకీ 15,000 తీసేస్తే 1,50,000. అందులోంచి ఈ ఏడాది లోటు 31,000 పోతే సరిగ్గా 1,19,000. ఇలా కలిస్తేనే లెక్క కలిసినట్టు. కలవకపోతే ఎక్కడో ఒక పద్దు రెండుసార్లు పడిందనో, అసలు పడలేదనో అర్థం.

మరి ఇంత ఉపయోగపడే ఖాతా ఉండగా మొదటిది ఎందుకు? అది బ్యాంకు పాస్‌బుక్‌తో నేరుగా సరిపోలుతుంది కాబట్టి. మార్చి 31 నాటి పాస్‌బుక్ నిల్వ, చేతి నగదు కలిపి, ఇచ్చినా ఇంకా బ్యాంకుకి చేరని చెక్కులు తీసేస్తే అడుగున ఉన్న అంకె రావాలి. అకౌంట్స్ తెలియని సభ్యుడు కూడా పావుగంటలో సరిచూడగలడు. ఆదాయ-వ్యయాల ఖాతాలో అలాంటి బయటి సాక్ష్యం ఉండదు. బకాయిలెంత, తరుగుదలెంత అన్నది తయారుచేసేవాళ్ల అంచనా మీదా, నిజాయితీ మీదా ఆధారపడుతుంది. ఆ ఇద్దరు ఓనర్లు ఎప్పటికీ కట్టకపోయినా 60,000 ఆదాయంగా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే దానితోపాటు ఫ్లాటువారీ బకాయిల జాబితా పెట్టాలి, రెండు మూడేళ్లుగా కదలని బాకీని రానిబాకీ కింద ఖర్చు రాయాలి. మిగులు కనిపిస్తున్నా కరెంటు బిల్లుకి డబ్బులేని పరిస్థితి ఇలాగే వస్తుంది. ఈపీడీసీఎల్ వాళ్లు బకాయిల జాబితా తీసుకుని రసీదు ఇవ్వరు కదా.

అయితే ఒక రకమైన మోసాన్ని పాస్‌బుక్ పట్టుకోలేదు. నగదుగా తీసుకున్న మెయింటెనెన్స్‌ని అసలు పుస్తకంలోనే రాయకపోతే, బ్యాంకులో వేయకపోతే, వసూళ్లు-చెల్లింపుల ఖాతా పాస్‌బుక్‌తో చక్కగా కలుస్తుంది. ఎందుకంటే ఆ డబ్బు రెండింట్లోనూ లేదు. ట్రెజరర్ సొంత ఫోన్‌కి యూపీఐలో పంపిన డబ్బుకీ ఇదే ప్రమాదం. ఆదాయ-వ్యయాల ఖాతా మాత్రం రావలసిన దానితో మొదలవుతుంది: 20 ఫ్లాట్లు, 2,500, 12 నెలలు, మొత్తం 6,00,000. వచ్చింది 5,40,000 అంటే మిగతా 60,000 ఎవరి పేరున ఉందో చూపాలి. చూపిన ఇద్దరిలో ఒకరు లేచి "నేను ప్రతి నెలా కట్టాను, ఇదిగో స్క్రీన్‌షాట్" అంటే విషయం బయటపడుతుంది. బకాయిల జాబితాని నోటీస్ బోర్డులో పెట్టడం వసూలు కోసమే అనుకుంటారు గానీ, లెక్క నిజమా కాదా తేల్చేది కూడా అదే.

ఏ సొసైటీకి మొదటి ఖాతా ఒక్కటే సరిపోతుంది? వినాయక చవితి కమిటీ, వేసవిలో చలివేంద్రం పెట్టే కాలనీ సంఘం, ఆరు ఫ్లాట్ల చిన్న బిల్డింగ్. డబ్బు వచ్చిన ఏడాదిలోనే ఖర్చయిపోయి, ఎవరికీ బాకీ లేకుండా, ఏ నిధీ పక్కన పెట్టకుండా, పెద్ద వస్తువేదీ కొనకుండా ఉంటే ఆదాయ-వ్యయాల ఖాతా వేసినా దాదాపు అదే అంకె వస్తుంది. అలాంటివాళ్ల మీద ఆ పని రుద్దడం అనవసరం. కానీ బకాయి, అడ్వాన్సు, ప్రత్యేక నిధి, పెద్ద కొనుగోలు అనే ఈ నాలుగింట్లో ఒక్కటి చెప్పుకోదగ్గ మొత్తంలో ఉన్నా రెండో ఖాతాకి వెళ్లాల్సిందే. లిఫ్ట్ ఉన్న బిల్డింగుకి ఈ నాలుగింట్లో ఏదో ఒకటి లేకుండా ఏడాది గడవడం అరుదు.

ముందు మీ బైలాస్ తీసి చదవండి. ఇక్కడి అసోసియేషన్లు చాలావరకు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టర్ అయ్యాయి, కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నాయి. జనరల్ బాడీకి ఏ లెక్కలు పెట్టాలో, ఆడిట్ ఎవరు చేయాలో బైలాస్‌లో రాసుకుని ఉంటే ఇక ఎంపిక ప్రశ్నే లేదు.

సేవా సంస్థల విషయం కొంచెం వేరు. గాజువాకలో పేద పిల్లలకి సాయంత్రం ట్యూషన్ నడిపే చిన్న ట్రస్టు ఉందనుకోండి. ఒక దాత మార్చి 20న లక్ష రూపాయలు ఇచ్చి, జూన్‌లో పిల్లలకి పుస్తకాలు కొనమన్నాడు. వసూళ్లు-చెల్లింపుల ఖాతాలో మార్చి 31న లక్ష అదనంగా మిగిలినట్టు కనిపిస్తుంది. కమిటీ దాన్ని చూసి ఏప్రిల్‌లో టీచర్ల జీతం పెంచితే జూన్‌లో పుస్తకాలకి డబ్బుండదు. ఆ లక్షని పుస్తకాల నిధిగా బ్యాలెన్స్ షీటులో పెట్టి, ఖర్చయ్యాక మాత్రమే ఆదాయ-వ్యయాల ఖాతాలోకి తెస్తే ఈ పొరపాటు జరగదు. కార్పస్‌కి అని రాతపూర్వకంగా చెప్పి ఇచ్చిన విరాళం కూడా నేరుగా నిధిలోకే పోవాలి. అదే సమయంలో, ఇస్తానని మాటిచ్చిన విరాళాన్ని బకాయి అనుకుని ఆదాయంలో రాయకూడదు. ఓనర్ మెయింటెనెన్స్ కట్టి తీరాలి, దాతకి ఆ బాధ్యత లేదు. ఈ ఒక్క తేడా మరిచిపోయి ట్రస్టు లెక్కల్లో లేని మిగులు చూపించేవాళ్లున్నారు.

ట్రస్టుకి రెండు ఖాతాలూ వేయక తప్పని కారణం పన్ను నుంచి వస్తుంది. మినహాయింపు కోసం రిజిస్టర్ అయిన సంస్థ ఆదాయంలో కనీసం 85 శాతం తన ఉద్దేశాలకి వినియోగించాలి. ఆ వినియోగం కింద లెక్కకి వచ్చేది నిజంగా చెల్లించిన మొత్తమే. మార్చి జీతాలు ఏప్రిల్‌లో ఇస్తే ఆదాయ-వ్యయాల ఖాతాలో అవి ఈ ఏడాది ఖర్చే, 85 శాతం లెక్కలో మాత్రం చెల్లించిన వచ్చే ఏడాదివి. కాబట్టి ఆడిట్ రిపోర్టు కోసం ఆదాయ-వ్యయాల ఖాతా, బ్యాలెన్స్ షీటు కావాలి, వినియోగం తేల్చడానికి చెల్లింపుల లెక్క కావాలి. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ ఏటా దాఖలు చేసే FC-4 ఫారానికి మూడూ జతచేయాలి.

మీకు ఇచ్చిన కాగితం మీద ఆదాయ-వ్యయాల ఖాతా అని ఉన్నంత మాత్రాన అది అదే కాకపోవచ్చు. పాత ఖాతాకి పేరు మాత్రం మార్చి ఇచ్చినవి నేను చూశాను, గుర్తుపట్టడం సులువు. పైన ప్రారంభ నిల్వ కనిపిస్తే అది ఆదాయ-వ్యయాల ఖాతా కాదు, ఆ ఖాతాలో నిల్వలకి చోటు లేదు. జనరేటరో, సీసీ కెమెరాలో పూర్తి ధరతో ఖర్చులో ఉంటే కాదు. మెయింటెనెన్స్ ఆదాయం ఫ్లాట్ల సంఖ్యని రేటుతోనూ నెలలతోనూ గుణిస్తే రాకపోతే, ఎందుకు రాలేదో ట్రెజరర్ చెప్పగలగాలి. తరుగుదల ఎక్కడా లేకపోయినా, వెనక బ్యాలెన్స్ షీటు లేకపోయినా అనుమానించాల్సిందే.

పాత పద్ధతి నుంచి మారాలనుకుంటే ఏప్రిల్ 1న మొదలుపెట్టండి, సంవత్సరం మధ్యలో వద్దు. ఎక్సెల్ చాలు, ట్యాలీ ఉంటే ఇంకా మంచిది. ముందుగా ఆ రోజు ఉదయానికి ఎవరు మనకి ఎంత ఇవ్వాలి, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది ఒక కాగితం మీద రాయాలి. బ్యాంకు నిల్వ, చేతి నగదు, ఫ్లాటువారీ బకాయిలు, ముందే కట్టినవాళ్ల అడ్వాన్సులు, మనం కట్టాల్సిన బిల్లులు, ప్రత్యేక నిధులు, జనరేటర్, మోటార్ల లాంటి వస్తువుల విలువ. వీటిలో కష్టమైనది ఫ్లాటువారీ బకాయే. పాత రసీదు పుస్తకాలు తిరగేసి తేల్చాక ప్రతి ఓనర్‌కి "మీ బాకీ ఇంత అని మా పుస్తకంలో ఉంది, తేడా ఉంటే పదిహేను రోజుల్లో చెప్పండి" అని వాట్సాప్‌లో పంపండి. ఫ్లాటు చేతులు మారిన చోట పాత ఓనర్ బాకీ కొత్తవాళ్ల మీద పడిందేమో చూసుకోండి. వివాదాలన్నీ అక్కడే వస్తాయి. రిజిస్ట్రేషన్‌కి ముందు ఇచ్చిన నో-డ్యూస్ కాగితం కాపీ ఉంటే దాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ప్రత్యేక నిధులకి మాత్రం వెంటనే విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, పెయింటింగ్ డబ్బు అందులోకి మార్చండి. పైన చూసిన అపార్ట్‌మెంట్‌లో అయితే ఇప్పటికే ఖర్చయిన మొత్తాన్ని ఎన్ని నెలల్లో ఎలా పూడుస్తారో అదే జనరల్ బాడీలో తీర్మానం రాయించుకోవాలి.